నోటిమాటతో ఇచ్చిన హెచ్చరికను కాగితం మీద పెట్టడం ఎలా? టైమ్ ఆఫీసులో చేరిన మేనకోడలికి

రాయగడ

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన నోటు చదివాను. గుణుపురం బియ్యం మిల్లులో చేరి నెల తిరక్కుండానే ఇలాంటి పని నీ నెత్తిన పడింది. మేనేజరు గారు డ్రయర్ ఆపరేటర్ని పిలిచి మందలించడం, నిన్ను పక్కన కూర్చోబెట్టి "ఇది రాసి ఫైల్లో పెట్టమ్మా" అనడం మామూలే. హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసు ఉద్యోగంలో సగం ఇదే.

ముందు నీ నోటు ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను. "ఈ ఆపరేటరు ఎప్పుడూ డ్యూటీకి లేటుగానే వస్తాడు. బొత్తిగా బాధ్యత లేదు. నిన్న పిలిచి మందలిస్తే ఎదురు మాట్లాడి, మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఇంకోసారి ఇలా చేస్తే ఉద్యోగం పోతుందని గట్టిగా హెచ్చరించడమైనది." చదివితే మేనేజరు గారికి ఎంత కోపం వచ్చిందో తెలుస్తోంది కానీ ఆపరేటరు ఏం చేశాడో తెలియడం లేదు. ఆర్నెల్ల తర్వాత మేనేజరు మారి, కొత్తాయన ఈ కాగితం తీస్తే ఆయనకు పనికొచ్చే ముక్క ఇందులో ఒక్కటీ ఉండదు.

"ఎప్పుడూ" అని రాశావు కదా, అందుకే ఫోన్లో గేటు రిజిస్టరు చూడమన్నాను. చూస్తే ఏం తేలింది? షిఫ్టు ఉదయం 6 గంటలకు. నవంబరు 4న 6.40కి, 11న 6.35కి, 18న 6.50కి వచ్చాడు. మిగతా రోజులన్నీ ఆరులోపే సంతకం ఉంది. అంటే "ఎప్పుడూ" కాదు, మూడుసార్లు. ఆ మూడూ మంగళవారాలే. మంగళవారం వాళ్ళ ఊళ్ళో సంత అనీ, బస్సు జనంతో నిండి ఆగకుండా పోతుందనీ అతను ఆ గదిలోనే చెప్పాడన్నావు. మరి ఆ మాట నీ నోటులో ఏదీ? తేదీలు వరసగా రాసి ఉంటే, ఇది బద్ధకం కథ కాదు, బస్సు కథ అని మేనేజరు గారికే తట్టేది. బస్సు కథైనా ఆలస్యం ఆలస్యమే, హెచ్చరిక తప్పని కాదు. కానీ దానికి పరిష్కారం వేరే ఉంటుంది.

ఇంకో సంగతి. ఫ్యాక్టరీల్లో ఉద్యోగ నియమాల కోసం చేసిన 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనల్లో, అలవాటుగా ఆలస్యంగా రావడాన్ని దుష్ప్రవర్తన కింద చేర్చారు. ఒక్కపూట ఆలస్యాన్ని కాదు. అలవాటు అని రేపు ఎవరైనా అనాలంటే తేదీలూ టైములూ చూపించాలి. తేదీ లేని "ఎప్పుడూ" ఎక్కడా నిలవదు. రాసే ముందు గేటు గడియారం, ఆఫీసు గడియారం ఒకటే టైము చూపిస్తున్నాయో లేదో కూడా చూడు. పది నిమిషాల తేడా ఉంటే నోటు మొత్తం తేలిపోతుంది.

"బాధ్యత లేదు" అన్నది నీ అభిప్రాయం, లేదా మేనేజరు గారిది. దాని బదులు అతను రానందువల్ల ఏమైందో రాయి. ఉప్పుడు బియ్యం మిల్లులో డ్రయర్ వదిలి వెళ్ళలేరు. తేమ 14 శాతం దగ్గరకు వచ్చిందో లేదో చూసుకుంటూ ఉండాలి. మరీ ఎండితే మరపట్టినప్పుడు నూక ఎక్కువ పడుతుంది. అందుకని నైట్ ఆపరేటరు మూడు రోజులూ ఉండిపోయాడు, తనే చూసుకున్నాడు, సరుకు చెడలేదు. అంతే రాయి. సరుకు చెడనప్పుడు చెడలేదనే రాయాలి. కొందరు బరువు కోసం "మిల్లుకు భారీ నష్టం" అని ఒక ముక్క తగిలిస్తారు. ఎంత నష్టం అని యూనియన్ వాళ్ళు ఒక్క ప్రశ్న వేస్తే చాలు, తక్కిన నిజాలు కూడా అబద్ధాల్లాగే కనిపిస్తాయి.

"ఎదురు మాట్లాడాడు" దగ్గర నేను ఆగిపోయాను. ఏమన్నాడని అడిగితే, "బస్సు నేను నడుపుతున్నానా సార్?" అన్నాడని చెప్పావు. నీకు అది పొగరులా వినిపించింది. నాకు మొర పెట్టుకున్నట్టు వినిపించింది. చదివేవాడికి ఎలా వినిపించాలో మనం తేల్చకూడదు. అతనన్న మాట అతనన్నట్టే కొటేషన్లో పెట్టి ఊరుకో. గొంతు పెంచాడా? పెంచితే "గొంతు పెంచారు" అని రాయి, అది విన్న సంగతి. మొహం మాడ్చుకోవడం మాత్రం తీసెయ్. తిట్లు తిన్నాక నవ్వుతూ వెళ్ళేవాడెవడు?

రేపు ఎవరో తాగి వచ్చారన్న గొడవ నీ టేబుల్ మీదికి వస్తుంది, అక్కడా ఇదే పద్ధతి. "తాగి వచ్చారు" అంటే తేల్చేసినట్టు. "నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉండగా నోటి నుంచి సారా వాసన వచ్చింది, మెట్టు ఎక్కుతూ రెండుసార్లు తూలారు" అంటే చూసినట్టు. నువ్వు చూడనిది రాయాల్సి వస్తే ఎవరు చూశారో, నీకు ఎప్పుడు చెప్పారో రాయి. "అంటున్నారు", "అనుకుంటున్నారు" అన్న మాటలు ఈ కాగితంలోకి రానివ్వకు.

ఉద్యోగం పోతుందన్న వాక్యం కూడా తీసెయ్. ఛార్జిషీటు ఇచ్చి, సంజాయిషీ తీసుకుని, విచారణ జరిపితే గానీ తేలని సంగతిని ఒక నోటిమాట హెచ్చరికలో ముందే చెప్పేస్తే, వీళ్ళు ముందే నిర్ణయించుకున్నారన్న అనుమానం వస్తుంది. మీ మిల్లు పద్ధతిలో తర్వాతి మెట్టు రాతపూర్వక హెచ్చరిక. అదే రాయి. ఈ నోటు చూపించి జీతంలో కోత పెట్టడానికీ వీల్లేదు. ఇది శిక్ష కాదు, మాట్లాడుకున్నదానికి గుర్తు.

ఇక "వస్తాడు", "వెళ్ళిపోయాడు" సంగతి. నీకు నేను ఉత్తరంలో అతను అని రాస్తున్నాను, ఇంటి మాట కాబట్టి. ఫైల్లో మేనేజరు "వచ్చారు", ఆపరేటరు "వచ్చాడు" అని ఉంటే రెండో పేజీ తిప్పకుండానే పక్షపాతం బయటపడుతుంది. ఇద్దరికీ "రు" పెట్టు.

నేనైతే ఇలా రాసేవాణ్ణి:

"19.11.2025, బుధవారం, ఉదయం 11.00 నుంచి 11.15 వరకు, మేనేజరు గారి గదిలో డ్రయర్ ఆపరేటరు (టోకెన్ నం. 47)తో జరిగిన సంభాషణ. హాజరైనవారు: మేనేజరు, ఆపరేటరు, టైమ్ ఆఫీసు సహాయకురాలు.

గేటు రిజిస్టరు ప్రకారం ఉదయం 6.00 షిఫ్టుకు ఆపరేటరు నవంబరు 4న 6.40కి, 11న 6.35కి, 18న 6.50కి వచ్చారు. నెలలో మిగతా పనిదినాల్లో 6.00లోపు వచ్చారు. ఆ మూడు రోజులూ ఆయన వచ్చేవరకు నైట్ ఆపరేటరు డ్రయర్ దగ్గర ఉన్నారు. సరుకుకు నష్టం జరగలేదు.

కారణం అడగగా, మంగళవారం తమ ఊరి సంత వల్ల బస్సు నిండి ఆగడం లేదని ఆపరేటరు చెప్పారు. 'బస్సు నేను నడుపుతున్నానా సార్?' అన్నారు.

6.00కి షిఫ్టు అందుకోవాలని, ఆలస్యం తప్పనిసరైతే 5.30లోపు షిఫ్టు ఇన్‌చార్జికి ఫోన్ చేయాలని మేనేజరు చెప్పారు. మళ్ళీ ఆలస్యమైతే రాతపూర్వక హెచ్చరిక ఉండవచ్చని తెలిపారు. మంగళవారాలు రెండో షిఫ్టు కావాలని ఆపరేటరు అడిగారు. 22వ తేదీలోపు చెబుతామని మేనేజరు అన్నారు. 19.12.2025న మళ్ళీ సమీక్ష.

ఈ నోటు మర్నాడు, 20.11.2025న రాసినది."

ఇందులో కోపం లేదు, జాలి కూడా లేదు. జాలి గురించి ఎందుకంటున్నానంటే, బస్సు సంగతి తెలిశాక నీ మనసు అటు మొగ్గి "పాపం దూరం నుంచి వస్తారు" అని ఒక ముక్క కలపాలనిపిస్తుంది. వద్దు. ఇతనికి పాపం అని రాసి, రేపు ఇంకొకరికి రాయకపోతే అదీ అన్యాయమే. రిజిస్టరు చేతిలో ఉండగానే ఆ మూడు రోజుల్లో ఇంకెవరైనా ఆలస్యంగా వచ్చారేమో చూడు. అరగంట లేటైన ఫిట్టర్ని ఎవరూ పిలవకుండా ఇతన్నొక్కణ్ణే పిలిచి ఉంటే, ఆ సంగతి నోటు రాయకముందే మేనేజరు గారికి చెప్పు. వినకపోవచ్చు, చెప్పడం నీ వంతు.

మన ప్రాంతంలో భాష ఒక పెద్ద చిక్కు. మీ ఆఫీసు ఫైలు ఇంగ్లీషులో నడుస్తుంది, నోటీసు బోర్డు ఒడియాలో ఉంటుంది, ఈ ఆపరేటరుది తెలుగు, యార్డులో హమాలీల్లో సగం మంది ఇళ్ళలో సవర మాట్లాడతారు. మాట్లాడింది తెలుగులో కాబట్టి నోటు తెలుగులోనే రాసి, ఇంగ్లీషు ప్రతి వెనక జతచెయ్. సవర మనిషైతే, అతను నమ్మే మనిషి చేత చదివించి, చదివినవారి పేరు రాసి సంతకం తీసుకో. కింద "చదివి వినిపించారు, నాకు అర్థమైంది" అని ఉండాలి. "ఒప్పుకుంటున్నాను" అని ఉండకూడదు. సంతకం ముట్టినట్టే గానీ ఒప్పుకున్నట్టు కాదని ముందే చెబితే చాలామంది పేచీ లేకుండా పెడతారు. పెట్టనంటే బతిమాలకు, బెదిరించకు. "సంతకం చేయడానికి ఇష్టపడలేదు" అని టైము వేసి, అక్కడున్న రెండో మనిషి సంతకం తీసుకో. తను వేరేలా చెప్పాలనుకుంటే ఒక తెల్లకాగితం ఇచ్చి రాయమను, అది దీని వెనకే పిన్ చెయ్.

తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టు. వైట్‌నర్ వాడకు. ఫోటో తీసి ఎవరికీ పంపకు. నాకు పంపావు కదా, అదీ తీసెయ్, నేను ఇక్కడ తీసేశాను.

ఇక నువ్వు చివర్లో మెల్లగా అడిగిన సంగతి. పాత నెలల్లో ఇచ్చిన హెచ్చరికలు కూడా "రాసి పెట్టెయ్, ఫైలు బరువుగా ఉంటుంది" అని మేనేజరు గారన్నారట. వెనక తేదీ వేసి ఒక్క అక్షరం రాయకు. మరీ తప్పనిసరైతే "ఆగస్టులో ఒకసారి మాట్లాడానని మేనేజరు 20.11.2025న చెప్పారు, అప్పటి నోటు లేదు" అని ఈ రోజు తేదీతో రాసి ఆయన సంతకం అడుగు. నాకు తెలిసినంతలో, ఆ వాక్యం చూశాక చాలామంది "సర్లే, వదిలెయ్" అంటారు.

డిసెంబరు 19న రిజిస్టరు మళ్ళీ తియ్యి. మంగళవారాలు కూడా ఆరులోపు ఉంటే, "ఆలస్యం లేదు, సమీక్ష ముగిసింది" అని అదే కాగితం కింద రాసి తేదీ వెయ్యి. హెచ్చరికలు రాసేవాళ్ళు ఈ లైను రాయడం మర్చిపోతారు. ఈలోగా 22వ తేదీ సంగతి మేనేజరు గారికి గుర్తు చెయ్యి. రెండో షిఫ్టు ఇస్తారో లేదో చెప్పకుండా ఆ గడువు దాటిపోతే, వచ్చే మంగళవారం లేటు ఎవరి ఖాతాలో రాయాలో నీకే తెలియదు.

అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య