టెక్ సందేహాలు: ఫొటో అసలుదే, మరి పక్కనున్న హీరో?

మా బాబాయి కొడుకు టూర్‌కి వెళ్లి, ఒక పెద్ద హీరో భుజం మీద చెయ్యేసి ఉన్న ఫొటో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాడు. నిజంగానే కలిశానంటున్నాడు. నాకేమో అది మైనపు బొమ్మని అనుమానం. ఎడిటింగ్‌ని పట్టే సైట్‌లో వేసి చూస్తే ‘ఎడిట్ చేయలేదు’ అని వచ్చింది. ఫొటో చూసి తేల్చే దారేమైనా ఉందా?

ఆ సైట్ చెప్పింది నిజమే అయ్యుంటుంది. అలాంటి పరీక్షలు చూసేది ఫొటోలో ఏదైనా భాగం వేరేచోటి నుంచి తెచ్చి అతికించారా, ఎక్కడైనా చెరిపారా అని మాత్రమే. మైనపు బొమ్మ పక్కన నిలబడి తీయించుకున్న ఫొటోలో అలాంటిదేమీ ఉండదు. ఒకే కెమెరా, ఒకే వెలుతురు, నీడలూ సరిగ్గానే పడతాయి. లెన్స్ ముందున్నది మనిషా బొమ్మా అన్నది ఆ పరీక్షకు సంబంధం లేని విషయం.

చాలామంది మొదట జూమ్ చేసేది చర్మాన్ని. ‘నున్నగా మెరుస్తోంది కాబట్టి బొమ్మే’ అంటారు. నేనైతే ఈ ఆధారాన్ని చివర్లో కూడా నమ్మను. ఇప్పటి ఫోన్లు ఒక్క క్లిక్కుకు నాలుగైదు ఫ్రేములు తీసి కలిపేస్తాయి. మసక వెలుతురులో వచ్చే గరుకు చుక్కల్ని చెరిపేస్తాయి, బ్యూటీ మోడ్ ఉంటే రంధ్రాలను కూడా పూడ్చేస్తాయి. ఆపైన వాట్సాప్ సైజు తగ్గిస్తుంది. ఇన్ని దాటి వచ్చేసరికి మీ తమ్ముడి ముఖం కూడా మైనంలాగే ఉంటుంది. కావాలంటే అదే ఫొటోలో వాడి బుగ్గను, హీరో బుగ్గను పక్కపక్కన పెట్టి చూడండి. మరోపక్క బొమ్మలు చేసేవాళ్లు కూడా తక్కువవాళ్లేం కాదు. మేడమ్ టుస్సాడ్స్ లాంటి చోట్ల అసలు మనిషిని కూర్చోబెట్టి వందలకొద్దీ కొలతలు తీసుకుంటారు. మైనం ఆరేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి తలను ముందే 2 శాతం పెద్దగా మలుస్తారు. జుట్టు ఒక్కో వెంట్రుకగా నాటతారు. కనుగుడ్డులో ఎర్రటి నరాల కోసం సన్నని సిల్కు దారాలు పెడతారు.

కళ్ల సంగతి కాస్త నయం. కానీ కంట్లో వెలుగు చుక్క కనిపించిందని మనిషే అనుకోవద్దు, అక్రిలిక్ కంట్లోనూ అది చక్కగా మెరుస్తుంది. చూడాల్సింది చూపు ఎటు ఉందని. బొమ్మ చూపును తయారీలోనే ఒక బిందువు మీద నిలిపేస్తారు. ఫొటో తీసేవాడు ఎక్కడ నిలబడినా అది మారదు. మీవాడు లెన్స్ వైపు చూస్తుంటే హీరో వాడి తల మీదుగా ఎటో చూస్తుంటే అనుమానించొచ్చు. అయితే నిజం హీరో చుట్టూ పది ఫోన్లు ఉంటే ఆయనా వేరే కెమెరా వైపు చూడొచ్చు కదా. కాబట్టి ఇది అనుమానం వరకే, రుజువు కాదు.

మీ ఫొటోలో అంతకంటే మంచి ఆధారం ఆ చెయ్యి. ఇద్దరు మనుషులు భుజాల మీద చేతులు వేసుకుంటే ఇద్దరూ సర్దుకుంటారు. పొడుగువాడు కాస్త వంగుతాడు, పొట్టివాడు నిటారుగా అవుతాడు. వేళ్లు బట్టను నొక్కుతాయి, వేళ్ల కింద ముడత పడుతుంది. బొమ్మ సర్దుకోదు. దాని చెయ్యి ఏ ఎత్తులో, ఏ కోణంలో పోతపోశారో అలాగే ఉంటుంది, మొత్తం సర్దుబాటు పక్కనున్న మనిషే చేసుకోవాలి. అందుకే మీ తమ్ముడు మోకాళ్లు వంచి ఆ చేతి కిందకు దూరినట్టున్నాడా, హీరో అరచేతికీ వీడి చొక్కాకీ మధ్య సన్నని చీకటి సందు కనిపిస్తోందా చూడండి. చెయ్యి వేసింది హీరో కాక మీవాడైతే, వీడి వేళ్ల దగ్గర హీరో కోటు నలిగి ఉండొచ్చు గానీ ఆయన భుజం మాత్రం ఇసుమంతైనా కదిలినట్టు ఉండదు.

ఇంత చూసినా ఒక్క ఫొటోతో గట్టిగా చెప్పలేం. తేల్చేది రెండో ఫొటో. బొమ్మ పక్కన రోజూ ఎందరో నిలబడతారు, వాళ్లలో కొందరైనా ఫొటోలు ఇంటర్నెట్‌లో పెడతారు. గ్రూప్‌లోని ఫొటోని సేవ్ చేసుకుని, మీవాణ్ని పూర్తిగా కత్తిరించేసి, హీరో తల నుంచి నడుము వరకు మాత్రం ఉంచండి. మీవాడి ముఖం ఉంటే వెతుకులాట పక్కదారి పడుతుంది. ఆ ముక్కను గూగుల్ లెన్స్‌లో ఇచ్చి, కింద ఉండే పెట్టెలో

```
wax figure
```

అని టైప్ చేయండి. వేరే మనుషులతో ఉన్న అదే హీరో ఫొటోలు వస్తే అసలు పని అప్పుడు మొదలవుతుంది. ‘అదే పోజు’ అని సంబరపడి ఆగిపోవద్దు. నుదుటి మీద పాయ ఎక్కడ మలుపు తిరిగింది, పెదవుల మూల ఎంత తెరుచుకుంది, ఒక కనుబొమ పక్కదానికంటే ఎంత పైకి ఉంది, చూపుడు వేలికీ మధ్య వేలికీ ఎంత ఎడం ఉందనేవి ఒక్కొక్కటిగా పోల్చండి. ఏ మనిషీ రెండు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మనుషుల పక్కన నిలబడి ఈ నాలుగింటినీ ఒకేసారి యథాతథంగా పెట్టలేడు. నాలుగూ కలిస్తే అది బొమ్మే.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మ్యూజియం వాళ్లు అప్పుడప్పుడూ బట్టలు మారుస్తారు, అందుకని చొక్కా కలవలేదని వదిలేయకండి, తల పోల్చండి. రెండోది, చాలా బొమ్మలను ఆ నటుడి పేరున్న ఒక పోజునో ఫొటోనో చూసే తీర్చిదిద్దుతారు. కాబట్టి మీకు దొరికిన రెండో ఫొటోలో హీరో ఒంటరిగా ఉంటే, అది బొమ్మకు నమూనాగా పెట్టుకున్న అసలు మనిషి ఫొటో కావచ్చు. పక్కన మరో సందర్శకుడు ఉన్నదే పోలికకు పనికొస్తుంది.

ఏమీ దొరక్కపోతే మీ తమ్ముణ్నే అడగండి. ఐఫోన్‌తో తీసి, లైవ్ ఫొటో ఆన్‌లో ఉంటే క్లిక్కుకు ముందు ఒకటిన్నర సెకను, తర్వాత ఒకటిన్నర సెకను కదలిక కూడా రికార్డయి ఉంటుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మోషన్ ఫొటో పేరుతో ఇలాంటిదే ఉంది. గ్రూప్‌లో పెడితే చాలాసార్లు అది పోయి ఉత్త ఫొటోనే వస్తుంది, కాబట్టి వాడి ఫోన్లోనే ఆడించి చూడాలి. రెప్ప కొట్టాడా లేదా అని మాత్రం పట్టుబట్టకండి, మూడు సెకన్లు రెప్ప వేయకపోవడం మనుషులకు మామూలే. అసలు మనిషైతే తల ఓ వెంట్రుకవాసి ఊగుతుంది, ఊపిరికి ఛాతీ కదులుతుంది. బొమ్మ కదిలినట్టు కనిపిస్తే కెమెరా వణుకు వల్లే, అప్పుడు వెనక గోడ కూడా దానితోపాటే కదులుతుంది. వాడు ఫోన్ చూపించడానికి ససేమిరా అంటే ఇక మీకు టెన్షన్ అక్కర్లేదు, జవాబు వచ్చేసినట్టే.

ఫొటో చిన్నదిగా, మసకగా ఉండడం వల్లే మోసపోతున్నామని మాత్రం అనుకోకండి. జపాన్ ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో 1999లో మైనపు బొమ్మలను నల్లటి తెర ముందు పెట్టి, పాత చిత్రకారుల పద్ధతిలో లైటింగ్ ఇచ్చి, పెద్ద ఫిల్ము కెమెరాతో బ్లాక్ అండ్ వైట్‌లో తీశాడు. చాలా పెద్ద ప్రింట్లవి, ఎంత దగ్గరికి వెళ్లినా వివరం తగ్గదు. అయినా అందులోని ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఇప్పుడే స్టూడియోకి వచ్చి నిలబడ్డట్టుంటాడు. ఆయన చనిపోయింది 1547లో, ఫొటోగ్రఫీ లోకానికి పరిచయమైంది 1839లో. మైనాన్ని పట్టించేవాటిలో ముఖ్యమైనది రంగు, ఎందుకంటే చర్మం కింద పారే రక్తం చోటుచోటుకీ రంగు మారుస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఆ రంగును తీసేసింది. కదలిక ఎలాగూ ఏ ఫొటోలోనూ ఉండదు. మీకెవరైనా సెలబ్రిటీతో ఉన్న ఫొటోని ప్రత్యేకంగా బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వేసి పంపితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

మ్యూజియంలో తీసిన మైనపు బొమ్మ ఫొటోలనూ, ఒక ఫంక్షన్లో తీసిన అసలు నటుడి ఫొటోలనూ నా గూగుల్ ఫొటోస్ ఒకే ముఖం కింద చేర్చేసింది. ఇది లోపమా? విడదీయొచ్చా?

లోపం కాదు. ముఖాలను గుంపులు చేసే ప్రోగ్రాం ప్రాణం ఉందా లేదా అని చూడదు. కళ్లు, ముక్కు, దవడల అమరికను కొన్ని అంకెలుగా మార్చుకుని, అంకెలు దగ్గరగా ఉన్నవాటిని ఒకచోట పెడుతుంది. బొమ్మను చేసింది ఆ మనిషి కొలతలతోనే కాబట్టి కలవడమే సహజం. ఆ బొమ్మ బాగా కుదిరిందనడానికి అదొక సర్టిఫికెట్ అనుకోండి. విడదీయాలంటే ఆ ముఖం గుంపు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, `Remove results` ఎంచుకుని, బొమ్మ ఫొటోలను గుర్తుపెట్టి తీసేయండి. ఫొటోలు డిలీట్ కావు, గుంపులోంచి మాత్రమే బయటికి వస్తాయి.

ఒక నటి క్లోజప్ అంటూ వచ్చిన ఫొటో నిజానికి సెలబ్రిటీ డాల్‌దట. అడుగు ఎత్తు బొమ్మ నిలువెత్తు మనిషిలా ఎలా కనిపిస్తుంది? ఎలా గుర్తుపట్టాలి?

ఫొటోలో స్కేలు ఉండదు కాబట్టి. పక్కన చెయ్యో, కప్పో ఏదీ లేకుండా తీస్తే అడుగు బొమ్మకీ ఆరడుగుల మనిషికీ తేడా చెప్పే కొలబద్దే మిగలదు. కలెక్టర్లు కొనే ఈ బొమ్మల్లో ఎక్కువగా కనిపించే సైజు అసలు మనిషిలో ఆరో వంతు, అంటే సుమారు 30 సెంటీమీటర్లు. ముఖానికి చక్కగా రంగులద్దుతారు. పట్టుబడేది మిగతా చోట్ల.

ముందు ఫోకస్ చూడండి. మనిషి ముఖం ఫ్రేము నిండా రావడానికి కెమెరా 90 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, బొమ్మ ముఖం అంతే రావడానికి 15 సెంటీమీటర్ల దగ్గరికి రావాలి. దూరం ఆరో వంతైతే ఫోకస్‌లో ఉండే మందం సుమారు ముప్పై ఆరో వంతుకు పడిపోతుంది. ముఖం సైజు మాత్రం ఆరో వంతుకే తగ్గుతుంది. అందుకే కనురెప్పలు స్పష్టంగా ఉండి, చెవుల దగ్గరికి వచ్చేసరికే బాగా అలికినట్టు అవుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ కూడా మసక చేస్తుంది కదా అంటారేమో. అది ఎక్కువగా మనిషి అంచు దాటాక వెనకనున్నదాన్ని మసక చేస్తుంది, ఆ అంచు దగ్గర ఒక్కోసారి వెంట్రుకలు తెగినట్టుంటాయి. బొమ్మ ఫొటోలో మసక ముక్కు నుంచి చెవి దాకా మెల్లమెల్లగా పెరుగుతుంది. అయితే ఓపికున్నవాళ్లు ఫోకస్ మారుస్తూ పది ఫొటోలు తీసి కలిపేస్తారు, అప్పుడీ గుర్తు ఉండదు.

అప్పుడు బట్టలు చూడండి. బొమ్మను ఆరో వంతుకు తగ్గించొచ్చు గానీ దారాన్ని అంత సన్నగా తగ్గించడం కష్టం. కాలర్ మీద కుట్లు తాడు ముక్కల్లా పెద్దవిగా ఉంటాయి, నేత గళ్లు గోనెపట్టాలా కనిపిస్తాయి, మెత్తగా జారాల్సిన పైట అట్టలా నిలబడుతుంది. జుట్టు విడిగా నాటినదైతే ఒక్కో వెంట్రుకా చీపురుపుల్లంత లావుగా కనిపిస్తుంది. జుట్టు తలతోపాటే పోతపోసినదైతే పాయల మధ్య తల చర్మం ఎక్కడా కనపడదు. ముఖం మీదే జూమ్ చేసేవాళ్లకు ఇవేవీ కనిపించవు, ముందు కాలర్ దగ్గరికి వెళ్లండి.