ఎగుమతిదారుకి జీఎస్టీ లెడ్జర్‌లో ఉన్న క్రెడిట్ అంతా ఎందుకు రాదు?

ప్రశ్న: గుంటూరులో మాకు కారంపొడి మిల్లు ఉంది. ఎల్‌యూటీ అనే హామీపత్రం మీద, పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తాం. కొంత ఇక్కడే అమ్ముతాం. గత మూడు నెలల్లో ఎగుమతి 60 లక్షలు, లోకల్ అమ్మకం 40 లక్షలు. సరుకు, ప్యాకింగ్, రవాణా మీద 4.50 లక్షలు, కొత్త గ్రైండింగ్ మెషీన్ మీద 1.80 లక్షలు క్రెడిట్ తీసుకున్నాం. లోకల్ అమ్మకాల పన్ను 2 లక్షలు పోగా లెడ్జర్‌లో 4.30 లక్షలు ఉంది. రీఫండ్ 2.70 లక్షలే వస్తుందంటున్నారు. మిగతాది పోయినట్టేనా?

జవాబు: పోలేదు. రీఫండ్‌గా రాదు, అంతే. లెడ్జర్‌లోనే ఉంటుంది, లోకల్ అమ్మకాల పన్నుకి వాడుకోవచ్చు.

పన్ను మినహాయింపు ఉన్న సరుకు అమ్మితే, దానికి సంబంధించిన క్రెడిట్ వదులుకోవాలి. ఎగుమతి అలా కాదు. ఐజీఎస్టీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం అది జీరో రేటెడ్ సరఫరా: అమ్మకం మీద పన్ను ఉండదు, కొనుగోళ్ల మీద కట్టిన పన్ను క్రెడిట్ మాత్రం మీదే. అలా మిగిలిపోయిన క్రెడిట్‌ని సీజీఎస్టీ చట్టం 54(3) కింద నగదుగా అడగవచ్చు. ఎంత అన్నది రూల్ 89(4) తేలుస్తుంది:

```
రీఫండ్ = ఎగుమతి టర్నోవర్ × నికర క్రెడిట్ ÷ మొత్తం టర్నోవర్
60 లక్షలు × 4.50 లక్షలు ÷ 100 లక్షలు = 2.70 లక్షలు
```

నికర క్రెడిట్ అంటే ముడిసరుకులు, సేవల మీద తీసుకున్నదే. పుస్తకాల్లో ఆస్తిగా రాసిన మెషీన్ క్రెడిట్ ఇందులోకి రాదు. అందుకే మీ 1.80 లక్షలు లెక్కలో లేవు. ఆస్తిగా కాక ఖర్చుగా రాసుకున్న విడిభాగాల క్రెడిట్‌ని మాత్రం కలుపుకోండి. చాలామంది దాన్నీ వదిలేస్తారు.

ఎగుమతి విలువగా షిప్పింగ్ బిల్లులోని ఎఫ్‌ఓబీ, అంటే ఓడ కిరాయి, బీమా కలపని విలువ, ఇన్‌వాయిస్ విలువ, ఈ రెండిట్లో తక్కువదే వేయాలి. ఇన్‌వాయిస్‌లో ఓడ కిరాయి, బీమా కలిసి 63 లక్షలుందని అదే వేస్తే ఎక్కువ అడిగినట్టవుతుంది, సంజాయిషీ అడుగుతూ RFD-08 నోటీసు వస్తుంది. ఫార్ములా హారంలోని మొత్తం టర్నోవర్‌లో కూడా ఎగుమతికి అదే విలువ ఉండాలి.

ఫార్ములా ఒక్కటే హద్దు కాదు. ఫార్ములా మొత్తం, ఆ కాలపు పన్ను రిటర్న్ GSTR-3B వేశాక లెడ్జర్‌లో ఉన్న నిల్వ, రీఫండ్ దరఖాస్తు RFD-01 వేసే రోజు నిల్వ, ఈ మూడింట్లో తక్కువది ఇస్తారు. ఆలస్యం చేస్తూ ఈలోగా క్రెడిట్‌ని లోకల్ పన్నుకి వాడేసి నిల్వ 2 లక్షలకి దిగితే, రీఫండ్ కూడా అంతే. కాబట్టి 3B వేయగానే దరఖాస్తు పెట్టండి.

మిర్చి వ్యాపారంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది కాలం ఎంపిక. యార్డులో సీజన్ నడిచే మార్చిలో భారీగా కొంటారు, జూన్‌లో ఓడ ఎక్కిస్తారు అనుకోండి. నెలవారీగా అడిగితే మార్చిలో క్రెడిట్ ఉన్నా ఎగుమతి సున్నా కనుక రీఫండ్ సున్నా. జూన్‌లో ఎగుమతి ఉన్నా ఆ నెల క్రెడిట్ నామమాత్రం. మార్చి నుంచి జూన్ దాకా ఒకే దరఖాస్తుగా కలపండి. మధ్యలో ఆర్థిక సంవత్సరం మారినా ఫరవాలేదు. 2020 మార్చి 31 నాటి 135వ సర్క్యులర్ ఆ అడ్డంకి తీసేసింది.

మెషీన్ క్రెడిట్ ఇరుక్కోకూడదనుకుంటే ఇంకో దారి ఉంది. ఎగుమతి మీద 5% ఐజీఎస్టీని లెడ్జర్ నుంచే కట్టి, దాన్నే కస్టమ్స్ ద్వారా వెనక్కి తీసుకోవడం. ఇక్కడ మెషీన్ క్రెడిట్ కూడా వాడుకోవచ్చు. 60 లక్షల మీద 3 లక్షలు. మీ లెడ్జర్‌లో అంత ఉంది, అంటే 30 వేలు ఎక్కువ చేతికొస్తుంది. షిప్పింగ్ బిల్లే రీఫండ్ దరఖాస్తుగా పనిచేస్తుంది. అయితే షిప్పింగ్ బిల్లు వేసేటప్పుడే తేల్చుకోవాలి. ఎల్‌యూటీ మీద ఇప్పటికే వెళ్లిపోయిన సరుకుకి ఇది కుదరదు. మెషీన్ కొన్న ఏడాది మీలాంటి వారికి నా సలహా ఈ దారే.

ఇప్పటి క్లెయిమ్ కోసం ఇన్‌వాయిస్, షిప్పింగ్ బిల్లు, ఓడలో వెళ్లిన సరుకు జాబితా అయిన ఈజీఎం వివరాలు దరఖాస్తులోని స్టేట్‌మెంట్ 3లో నింపండి. సప్లయర్లు వేసిన బిల్లులు చూపే GSTR-2B లో కనిపించని సప్లయర్ బిల్లుల క్రెడిట్‌ని అడగకండి. లోపముంటే ఆ లోపాలు చెప్పే RFD-03 మెమో ఇస్తారు; అప్పుడు మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టాలి. అన్నీ సరిగ్గా ఉన్న దరఖాస్తు అందాక 60 రోజుల్లో ఉత్తర్వు, డబ్బు రావాలి; దాటితే 6% వడ్డీ మీ హక్కు.

గడువు రెండేళ్లు. సముద్రం మీద వెళ్లే సరుకైతే ఇన్‌వాయిస్ తేదీ నుంచి కాదు, ఓడ భారతదేశం విడిచిన రోజు నుంచి లెక్క. ఆ తేదీ కోసం షిప్పింగ్ ఏజెంటు దగ్గర ఈజీఎం కాపీ ఇప్పుడే తీసి పెట్టుకోండి.