పాతిక శాతం అంటే ఎంతమంది?

అమ్మాయీ,

నీ కవరు బుధవారం అందింది. బీపీ మీద వచ్చిన ఓ వైద్య పరిశోధన గురించి మామూలు పాఠకుల కోసం నువ్వు రాసిన రెండు పేజీల సారాంశం, దానికి పిన్ను కొట్టిన అబ్‌స్ట్రాక్ట్, అంటే ఆ పేపరు మొదట్లో ఉండే క్లుప్తమైన ఇంగ్లీషు సారం, చివర నాలుగు ప్రశ్నలు. వాక్యం తేలిగ్గా నడిపావు, బాగుంది. కానీ నేను నీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను: "బీపీని 120 కంటే తగ్గిస్తే గుండెపోటు ముప్పు 25 శాతం తగ్గుతుందని, బీపీ ఉన్న ప్రతి ఒక్కరూ ఇది పాటించాలని శాస్త్రవేత్తలు తేల్చారు." ఈ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. నీ ప్రశ్నలు తర్వాత చూద్దాం, ముందు ఇవి.

నువ్వు తీసుకున్నది స్ప్రింట్ అధ్యయనం. 2015 నవంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 9361 మందిని లాటరీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు పై బీపీ 120 లోపు ఉండేలా, రెండో గుంపుకు 140 లోపు ఉండేలా మందులిచ్చారు. అబ్‌స్ట్రాక్ట్‌లో ఫలితం మూడు అంకెల్లో ఉంది: 120 గుంపులో ఏడాదికి 1.65 శాతం మందికి జబ్బు వచ్చింది, 140 గుంపులో 2.19 శాతం మందికి, ఈ రెండు ముప్పుల నిష్పత్తిని చెప్పే హజార్డ్ రేషియో 0.75. నువ్వు మొదటి రెండూ వదిలేసి మూడోదాన్ని పట్టుకున్నావు. ఒకటిలోంచి 0.75 తీసేస్తే 25 శాతం. లెక్క సరైనదే. చదివేవాళ్లకు అది ఎలా వినపడుతుందో మాత్రం నువ్వు ఆలోచించలేదు. అదే మొదటి తప్పు.

ఇరవై ఏళ్ల కిందట ఓ ఆదివారం అనుబంధానికి నేను కొలెస్ట్రాల్ మాత్ర గురించి రాశాను. "నూరుమందిలో నలుగురికి వచ్చే జబ్బు ముగ్గురికి వచ్చింది" అన్నది నా వాక్యం. అక్కడి సబ్ ఎడిటర్ దాన్ని కొట్టేసి "ముప్పు పాతిక శాతం తగ్గుదల" అని పెద్ద అక్షరాల్లో వేశాడు. ఫోన్ చేసి అడిగితే, రెండూ ఒకటే కదండీ అన్నాడు. అతని మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పెదవాల్తేరులో మా పక్కింటి మాస్టారు ఆ ముక్క కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నారు, డాక్టర్ని అడక్కుండా మాత్రలు కొని మింగారు. రెండు నెలల తర్వాత కాళ్ల కండరాలు పీకేస్తుంటే మా ఇంటికొచ్చి, ఆ కాగితం మడత విప్పి నా ముందు పెట్టారు. "నూటికి పాతికమంది గట్టెక్కుతారని నువ్వే కదయ్యా రాశావు?" అన్నారు. గట్టెక్కేది నూటికి ఒక్కరు. పాతికమంది అని ఆయన నిజంగా నమ్మారు.

ఆ రోజు నుంచి నేను పట్టుకున్న నియమం ఒక్కటే. శాతం రాయను, మనుషుల్ని లెక్కపెడతాను. నువ్వూ అలాగే చెయ్యి. దీనికి అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటే సరిపోదు, మొత్తం పేపరు తెరిచి ఫలితాల పట్టిక చూడాలి. 140 లోపు గుంపులో 4683 మంది ఉంటే 319 మందికి జబ్బు వచ్చింది. 120 లోపు గుంపులో 4678 మందిలో 243 మందికి వచ్చింది. వెయ్యిమందికి లెక్క కడితే 68, 52. అంటే సుమారు మూడేళ్ల మూడు నెలల్లో వెయ్యికి 16 మంది తప్పించుకున్నారు. 140 లోపు ఉంచే మామూలు వైద్యంతోనే వెయ్యికి 932 మందికి ఆ జబ్బు రాలేదు. ఎంతకాలంలో అన్నది తప్పకుండా రాయాలి, లేకపోతే 16 అన్న అంకెకు అర్థం లేదు.

ఇప్పుడు అదే పేపర్లో హాని పట్టిక చూడు. కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినడం మామూలు గుంపులో వెయ్యికి 25 మందికి, గట్టిగా మందులిచ్చిన గుంపులో 41 మందికి. అక్కడా తేడా 16. ఈ రెండు పదహార్లనూ ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి సున్నా అనకూడదు, ఒకవైపు చావులు కూడా ఉన్నాయి. కానీ రెండూ ఒకే పేరాలో, ఒకే వెయ్యిమందిలో చెప్పాలి. నువ్వు లాభాన్ని శాతంలో చెప్పి, హానిని "కొన్ని దుష్ప్రభావాలు" అని చివరికి నెట్టేశావు. మందుల కంపెనీ కరపత్రాలు అలాగే ఉంటాయి.

రెండో తప్పు "గుండెపోటు". ఆ 25 శాతం అయిదు విషయాలను కలిపి లెక్కపెట్టింది: గుండెపోటు, గుండె రక్తనాళాల్లో హఠాత్తుగా వచ్చే ఇతర ఇబ్బందులు, పక్షవాతం, హార్ట్ ఫెయిల్యూర్, గుండె జబ్బుతో చావు. విడివిడిగా చూస్తే గట్టిగా తగ్గినవి చివరి రెండే. గుండెపోటు, పక్షవాతం కాస్త తగ్గినట్టు కనిపించినా, అది యాదృచ్ఛికం కాదని చెప్పేంత తేడా లేదు. హార్ట్ ఫెయిల్యూర్ వేరు, గుండెపోటు వేరు. మొదటిదాంట్లో గుండె నెమ్మదిగా పంపింగ్ తగ్గించుకుంటుంది, కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది. ఈ అయిదింటినీ నువ్వు "సమ్మిళిత ప్రాథమిక ఫలితాంశం" అన్నావు. ఆ మాట చూసి భయపడి పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. "ఈ అయిదింటిలో ఏదో ఒకటి" అంటే చాలు.

మాటల దగ్గరే ఇంకొకటి. సింకోప్ అన్నదాన్ని "మూర్ఛ" అని రాశావు. నిఘంటువులో అలాగే ఉండొచ్చు. మనవాళ్లు మూర్ఛ అంటే ఫిట్సు అనుకుంటారు. బీపీ మాత్రతో ఫిట్సు వస్తాయని చదివితే రేపటి నుంచి మాత్ర మానేస్తారు. "కళ్లు తిరిగి స్పృహ తప్పడం" అని రాయి.

మూడో తప్పు "ప్రతి ఒక్కరూ". ఇందులో ఉన్నవాళ్లంతా 50 దాటినవాళ్లు, గుండె జబ్బు ముప్పు ముందే ఎక్కువగా ఉన్నవాళ్లు. షుగర్ ఉన్నవాళ్లను, అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లను చేర్చుకోలేదు. మీ వీధిలో బీపీ, షుగర్ రెండూ ఉన్నవాళ్లు ఎంతమందో ఒక్కసారి తలుచుకో. వాళ్ల గురించి ఈ అధ్యయనం ఏమీ చెప్పలేదు, ఆ సంగతి సారాంశం మొదట్లోనే రాయాలి. బీపీ చూసిన పద్ధతి కూడా వేరు: అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, మెషిన్‌తో మూడుసార్లు చూసి సగటు తీశారు. మన కేజీహెచ్ ఆసుపత్రి ఓపీలో క్యూలో నిలబడి, మెట్లెక్కి వచ్చిన మనిషికి చూసే బీపీ అంతకంటే ఎక్కువే ఉంటుంది. అక్కడి 120, ఇక్కడి 120 ఒకటి కాదు.

నేనైతే ఇలా మొదలుపెడతాను: "షుగర్ లేని, 50 దాటిన, గుండె జబ్బు ముప్పు ఎక్కువున్న వెయ్యిమందికి పై బీపీని 140కి బదులు 120 లోపు ఉంచితే, మూడేళ్లకు పైగా కాలంలో పెద్ద గుండె జబ్బు, పక్షవాతం, లేదా గుండె జబ్బుతో చావు 16 మందికి తప్పాయి. అదే సమయంలో ఇంకో 16 మందికి కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్నాయి. ఇందుకు సగటున మనిషికి ఒక రకం మందు ఎక్కువ వాడాల్సి వచ్చింది." డాక్టర్ దగ్గరికి వెళ్లే మనిషి ఏం అడగాలో ఈ మూడు వాక్యాలతో తెలుస్తుంది.

మళ్లీ రాసి, నాకు పంపేముందు మీ అమ్మగారికో అమ్మమ్మగారికో చదివి వినిపించు. తర్వాత కాగితం పక్కన పెట్టి, "వెయ్యిమందిలో ఎంతమందికి మేలు జరిగింది?" అని అడుగు. రెండొందల యాభై అని చెబితే ఇంకోసారి రాయి.