ఉగాది మనకు శుక్రవారం, అక్కకు గురువారం ఎందుకు?

“మాకు హైదరాబాద్‌లో ఉగాది శుక్రవారం. న్యూజెర్సీలో ఉన్న మా అక్క మాత్రం గురువారమే అంటోంది. గంటల తేడా తీసేస్తే సరిపోదా?”

సరిపోదండీ. తిథి ప్రపంచమంతటికీ ఒకే క్షణంలో మారుతుంది, సూర్యోదయం మాత్రం ఏ ఊరికి ఆ ఊరిదే. ఉగాదికి చూసేది సూర్యోదయానికి పాడ్యమి ఉందా అని.

ఉదాహరణకు, పాడ్యమి మనకు గురువారం ఉదయం 8కి మొదలై శుక్రవారం 8కి ముగిసిందనుకోండి. గురువారం మనకు తెల్లవారేసరికి ఇంకా అమావాస్యే, కాబట్టి పండగ శుక్రవారం. ఉగాది రోజుల్లో న్యూజెర్సీ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. అక్కడ గురువారం ఉదయం సుమారు 7కి సూర్యుడు వచ్చేసరికి మనకు సాయంత్రం 4:30, అంటే పాడ్యమి నడుస్తోంది. వాళ్ల గురువారం రాత్రి 10:30కే అది అయిపోతుంది. శుక్రవారం పొద్దుటికి వాళ్లకు విదియ! ఇద్దరిదీ కరెక్టే.

ముహూర్తానికైతే ఇంకా జాగ్రత్త. లగ్నం అంటే ఆ ఊరి తూర్పు దిక్కున ఉదయించే రాశి. మన ముహూర్త క్షణాన్నే వాళ్ల గడియారంలోకి మార్చినా అక్కడ ఉదయించేది వేరే రాశి. అందుకే గృహప్రవేశం అక్కడైతే, ఆ ఊరి పేరు చెప్పి పంతులుగారితో కొత్తగా పెట్టించుకోమనండి. పంచాంగం యాప్‌లోనూ ముందు ఊరు మార్చాలి, చాలామంది మర్చిపోయేది అదే.