టవర్ పెడతామని 94 వేలు కట్టించుకున్నారు, ఇప్పుడు కేసు వేస్తామంటున్నారు

"లాయర్ గారూ, మాది ప్రకాశం జిల్లా. ఊరి చివర మా నాన్న పేరు మీద 6 సెంట్ల ఖాళీ జాగా ఉంది. సెల్ టవర్ పెడతాం, 25 లక్షలు అడ్వాన్సు, నెలకు 35 వేలు అద్దె, ఇంట్లో ఒకరికి ఉద్యోగం అని ఫోన్ వచ్చింది. రిజిస్ట్రేషన్ అని 2,150, ట్రాయ్ ఎన్‌ఓసీ అని 15,500, అగ్రిమెంట్ స్టాంపులకని 28,600, టీడీఎస్ అని 48,000 కట్టాను. ఆఖరిది కట్టి తొమ్మిది రోజులైంది. మధ్యలో ఒకసారి నా ఖాతాలో 20,000 పడింది, పొరపాటున వచ్చింది, ఈ నంబర్‌కి పంపండి అంటే పంపేశాను. ఇప్పుడు జీఎస్టీ 65,000 కడితే 25 లక్షలు వేస్తాం, లేదంటే అగ్రిమెంట్ తప్పినందుకు పోలీసు కేసు అంటున్నారు. సంతకం పెట్టింది నిజమే. కేసు నిలుస్తుందా? కట్టింది వెనక్కి వస్తుందా? మా బావమరిదికి ఏటీఎం ఫ్రాంచైజీ అని ఇలాగే ఫోన్లు వస్తున్నాయి, అదీ ఇంతేనా?"

ఆ 65 వేలు కట్టకండి. ఇది చదవడం ఆపి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. తొమ్మిది రోజులంటే ఆలస్యమే, కానీ చేసి తీరాలి. ఎందుకో కింద చెప్తాను.

కేసు సంగతి. ఒప్పందం తప్పితే అది సివిల్ వ్యవహారం, పోలీసులు వచ్చి పట్టుకెళ్ళే నేరం కాదు. దావా వేస్తే సమన్లు కోర్టు నుంచి వస్తాయి, వాట్సాప్‌లో రావు. పైగా దావా వేసేవాడు తన అసలు పేరు, చిరునామా రాసి సంతకం పెట్టి కోర్టులో నిలబడాలి, వీళ్ళు చచ్చినా చేయని పని అదొక్కటే. చట్టం ప్రకారం చూసినా, మోసం చేసి రాయించుకున్న ఒప్పందాన్ని మోసపోయినవాడు కాదనవచ్చు, కాంట్రాక్టు చట్టం 17, 19 సెక్షన్లు చెప్పేది అదే. ఆ కాగితం మీద ఉన్న కంపెనీ మీతో మాట్లాడనే లేదు కాబట్టి అక్కడ ఒప్పందమే లేదని కూడా వాదించవచ్చు. కాబట్టి ఆ టెన్షన్ వదిలేయండి.

ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ఈ గొడవంతా మీకే అర్థమవుతుంది. టవర్ కంపెనీ మీ స్థలంలో అద్దెకు దిగేవాడు. అద్దెకు దిగేవాడు ఇంటి ఓనరుకి అడ్వాన్సు ఇస్తాడు గానీ, ఓనరు దగ్గర 94 వేలు వసూలు చేసి ఆ తర్వాత ఇంట్లోకి దిగడు కదా!

అసలు టవర్ ఎలా వస్తుందో చూడండి. సిగ్నల్ ఎక్కడ తక్కువగా ఉందో నెట్‌వర్క్ ఇంజినీర్లు లెక్క వేసుకుని, మ్యాపు మీద ఒక చుక్క, దాని చుట్టూ చిన్న పరిధి పెట్టుకుంటారు. ఆ పరిధిలో స్థలం వెతకడానికి మనిషి ఊళ్ళోకి వస్తాడు, మీరు వాళ్ళను వెతుక్కోనక్కర్లేదు. మీ స్థలం ఆ పరిధి దాటి అర కిలోమీటరు పక్కకుంటే ఎంత బతిమాలినా తీసుకోరు. నచ్చితే కొలతలు వేస్తారు, పట్టాదారు పాసుపుస్తకం, ఈసీ, లింకు డాక్యుమెంట్లు అడిగి వాళ్ళ లాయరుతో చూపించుకుంటారు, మట్టి పరీక్ష చేస్తారు. ఆ తర్వాతే లీజు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలి కాబట్టి సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి మనుషులు రావాలి. మీ విషయంలో ఒక్కడైనా వచ్చి స్థలం మొహం చూశాడా? వాళ్ళు పంపిన కాగితంలో సర్వే నంబరు రాసి ఉంటుంది, అది మీరు వాట్సాప్‌లో పంపిన పాసుపుస్తకం ఫొటోలోదే.

ఇక మీరు కట్టిన ఒక్కో ఫీజు. ట్రాయ్ అనేది టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ. టవర్ పెట్టడానికి స్థలం యజమానికి అది ఎన్‌ఓసీ ఇవ్వదు, ఆ పేరుతో ఫీజూ తీసుకోదు. ఈ విషయం ట్రాయ్, టెలికాం శాఖ రెండూ పదే పదే ప్రకటనలిచ్చాయి. అనుమతులేమైనా కావాలంటే కంపెనీ తెచ్చుకుంటుంది. స్టాంపు డ్యూటీ ప్రభుత్వానికి చలానా మీద వెళ్తుంది, మీ దగ్గరున్న స్క్రీన్‌షాట్ ఒకసారి తెరిచి చూడండి, డబ్బు ఎవరో వ్యక్తి పేరు మీదున్న ఖాతాకి వెళ్ళి ఉంటుంది. టీడీఎస్ అయితే మరీ నవ్వొచ్చే సంగతి. మీకు ఇచ్చే డబ్బులోంచి ఇచ్చేవాడు పట్టుకునేది టీడీఎస్. నిజంగా 25 లక్షలు ఇచ్చేవాడైతే పన్ను పట్టుకుని మిగతాది వేస్తాడు, మీ దగ్గర ముందుగా 48 వేలు ఎందుకు అడుగుతాడు? జీఎస్టీ కూడా అంతే, అద్దె మీద పడితే గిడితే అది అద్దెకు తీసుకునే కంపెనీ భరించేదే.

మీ ఉత్తరంలో నేను అన్నింటికన్నా ముందు ఆగింది ఈ ఫీజుల దగ్గర కాదు, ఆ 20,000 దగ్గర. మీరు దాన్ని ఒక వాక్యంలో దాటేశారు, నాకైతే అదే పెద్ద విషయం. పొరపాటున పడిన డబ్బు కాదది. మీలాంటి ఇంకొకరెవరో, ఏ విజయనగరంలోనో ఆదిలాబాద్‌లోనో, టవర్ కోసమో లోన్ కోసమో కట్టిన డబ్బు అయి ఉండొచ్చు. దాన్ని మీ ఖాతాలోంచి తిప్పించి మూడో ఖాతాకి చేర్చారు. ఆ మనిషి ఫిర్యాదు చేస్తే పోలీసులు డబ్బు వెంట నడుస్తారు, మొదట తగిలేది మీ పేరే. మీ ఖాతా స్తంభించవచ్చు, వేరే జిల్లా స్టేషను నుంచో వేరే రాష్ట్రం నుంచో నోటీసు రావచ్చు. భయపెట్టడానికి చెప్పట్లేదు, దీనికి మందు ఉంది. ఆ నోటీసు రాకముందే మీ ఫిర్యాదులో మీరే ఆ సంగతి రాయండి. ఏ తేదీన, ఏ ఖాతా నుంచి పడింది, ఎవరు పంపమన్నారు, ఏ నంబరుకి పంపారు, వాళ్ళ మెసేజ్ ఏమిటి, అన్నీ. ముందుగా చెప్పినవాడు సాక్షి అవుతాడు, నోటీసు వచ్చాక చెప్పినవాడు సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు ఉంటుంది. ఇబ్బందిగా ఉందని చాలామంది ఈ భాగం దాచేస్తారు, మీరు అలా చేయకండి.

ఫిర్యాదు ఎలా రాయాలి. 1930లో చెప్పాక ఒక నంబరు వస్తుంది, దాంతో cybercrime.gov.in లో మిగతా వివరాలు పూర్తి చేయండి. కథలా రాస్తే పని జరగదు. నాలుగు చెల్లింపులకి నాలుగు వరుసలు రాయండి. తేదీ, సమయం, మొత్తం, మీ బ్యాంకు, అవతలి ఖాతా లేక యూపీఐ ఐడీ, ఆ లావాదేవీ యూటీఆర్ నంబరు. యూపీఐ అయితే అది 12 అంకెలుంటుంది, యాప్‌లో లావాదేవీ తెరిస్తే కింద కనపడుతుంది. మొత్తం 94,250 అని ఒకేచోట రాసి వదిలేస్తే బ్యాంకు ఏ ఖాతాని ఆపాలి? నాలుగూ ఒకే ఖాతాకి వెళ్ళి ఉండకపోవచ్చు కూడా. తర్వాత అదే కాగితం తీసుకుని స్టేషనుకి వెళ్ళి ఎఫ్‌ఐఆర్ అడగండి. పోర్టల్ ఫిర్యాదు దానంతటదే ఎఫ్‌ఐఆర్ అయిపోతుందని అనుకోకండి. మోసానికి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ 318(4), వేరొకరిలా నటించి మోసం చేసినందుకు 319(2), దొంగ పత్రాలకి 336(3), 340(2), ఐటీ చట్టం 66డి వర్తిస్తాయి. సెక్షన్లు మీరు రాయకపోయినా ఫరవాలేదు, జరిగింది సరిగా రాస్తే చాలు. "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలని గుర్తు చేయండి, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్ 173 సెక్షన్ అదే చెప్తోంది. అప్పటికీ తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు కోర్టు ఉంది.

ఫోన్ మార్చకండి, వాట్సాప్ చాట్ తుడిచేయకండి. కోపంలో నంబర్ బ్లాక్ చేసి చాట్ డిలీట్ చేసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు ప్రతి నెలా ఒకరిద్దరుంటారు. స్క్రీన్‌షాట్లు మంచివే, కానీ అసలు చాట్ ఉన్న ఫోనే గట్టి సాక్ష్యం.

డబ్బు వెనక్కి వస్తుందా అంటే, నిజం చెప్తాను. అది మీ ఎఫ్‌ఐఆర్ మీద కాదు, ఆ ఖాతాలో ఇంకా ఎంత మిగిలి ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. వీళ్ళు డబ్బు పడిన కాసేపట్లోనే ముక్కలు చేసి వేరే ఖాతాలకి తోసేసి ఏటీఎంలో తీసేస్తారు, అందుకే మొదటి కొన్ని గంటలకి అంత విలువ. మీ మొదటి మూడు చెల్లింపుల మీద నాకు పెద్ద ఆశ లేదు. కానీ ఆ ఖాతాని వేరెవరి ఫిర్యాదు మీదో ముందే ఆపి ఉంటే మీ 48 వేలలో కొంత అక్కడే ఇరుక్కుని ఉండొచ్చు, అందుకే ఆలస్యమైనా ఫోన్ చేయమన్నాను. ఎంత ఆగిందో పోలీసుల దగ్గర తెలుస్తుంది. ఆగిన డబ్బుని ఇప్పించమని మేజిస్ట్రేటు కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద పిటిషన్ వేయవచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంటు, ఎంత ఆగిందో చెప్పే వివరం, ఇవి ఉంటే పెద్ద కష్టమైన పిటిషన్ కాదు. తెలంగాణలో ఇలాంటి డబ్బుని లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి తిరిగి ఇప్పించారు. మీరు మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, అక్కడ సలహాకి ఫీజుండదు. ఆగిందేమీ లేకపోతే మాత్రం నిందితుడు దొరికేదాకా ఎదురుచూడటమే, ఈలోగా "మీ డబ్బు ఇప్పిస్తాం, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని మరో ఫోన్ వస్తుంది. అది పాత ముఠానే, మీ నంబర్ వాళ్ళ లిస్టులో ఉంది కదా.

ఆధార్, పాసుపుస్తకం జిరాక్సులు పంపినందుకు స్థలం పోదు, జిరాక్సుతో రిజిస్ట్రేషన్ అవ్వదు. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి, sancharsaathi.gov.in లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోండి, మీవి కానివి ఉంటే అక్కడే చెప్పండి.

మీ బావమరిది విషయం కొంచెం వేరు. ఏటీఎంలో నిజమైన ఫ్రాంచైజీలు ఉన్నాయి. బ్యాంకులు కాని కొన్ని కంపెనీలకి ఏటీఎంలు నడపడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఇచ్చింది, వాటిని వైట్ లేబుల్ ఏటీఎం అంటారు, ఆ కంపెనీల పేర్లు రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. వాళ్ళు దుకాణదారుడి నుంచి డిపాజిట్ తీసుకోవడం, నోట్లు ఆయన్నే నింపమనడం ఉంటుంది. కాబట్టి డబ్బు అడిగారు గనక దొంగే అని టవర్‌కి చెప్పినంత గట్టిగా ఇక్కడ చెప్పలేను. కానీ రిజర్వు బ్యాంకు ఒక కిరాణా కొట్టు యజమానికి విడిగా "అప్రూవల్ లెటర్" ఇవ్వదు, దానికి ఫీజూ ఉండదు. ఆ మాట వినపడితే ఫోన్ పెట్టేయమనండి. లేదంటే, ఫోన్ చేసినవాడు ఇచ్చిన నంబర్ కాకుండా కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి తనే ఫోన్ చేసి, మనిషి వచ్చి షాపు చూసి, అగ్రిమెంట్ చేతికిచ్చాక, కంపెనీ పేరు మీదున్న ఖాతాకి మాత్రమే డిపాజిట్ వేస్తానని చెప్పమనండి. ఆ నాలుగింటికీ సరే అంటే ఆ అగ్రిమెంట్ సంతకం పెట్టకముందు నాకు పంపమనండి, చూసి చెప్తాను.