డెల్టా పుట్టింది హెడ్జ్ కోసం, జోస్యం కోసం కాదు

ప్రశ్న: "ఆప్షన్ చెయిన్‌లో డెల్టా 0.30 అని కనబడుతోంది. అంటే ఆ ఆప్షన్ ఇన్ ద మనీలో ముగిసే అవకాశం 30 శాతం అనేగా? మరి హెడ్జ్ చేసేవాళ్ళు కూడా అదే అంకె ఎందుకు వాడతారు?"

కాదు, అది హెడ్జ్ అంకె. అవకాశానికి దగ్గరగా ఉంటుందంతే, అదీ కొన్ని పరిస్థితుల్లోనే. షేరు ఒక్క పాయింటు కదిలితే ఆ కాల్ ధర సుమారు 0.30 పాయింట్లు కదులుతుందని 0.30 చెబుతోంది. 1000 షేర్లకు కాల్స్ అమ్మినవాళ్ళ దగ్గర 300 షేర్లు ఉంటే, షేరు చిన్నగా కదిలినప్పుడు ఒక వైపు పోయింది ఇంకో వైపు వస్తుంది. "డెల్టా అంటే ప్రాబబిలిటీ" అని ఒక్క ముక్కలో తేల్చేసే వీడియోలు ఈ సంగతి అసలు ఎత్తవు.

రెండూ వేరని చూడటానికి ఒక ముతక లెక్క చాలు. షేరు ఇప్పుడు 100. ఎక్స్‌పైరీ రోజున 150 అయినా అవుతుంది, 75 అయినా అవుతుంది, మధ్యలో ఏదీ లేదు. వడ్డీ సున్నా. 100 స్ట్రైక్ కాల్, అంటే షేరును 100కి కొనే హక్కు, పై ధరలో 50 ఇస్తుంది, కింది ధరలో ఏమీ ఇవ్వదు. షేరు రెండు ముగింపుల మధ్య తేడా 75, కాల్ తేడా 50. 50ని 75తో భాగిస్తే డెల్టా 0.67. అంటే మూడు కాల్స్ అమ్మితే రెండు షేర్లు కొనాలి. షేరు 150కి వెళితే రెండు షేర్ల విలువ 300, కాల్స్ కొన్నవాళ్ళకు ఇవ్వాల్సింది 150, చేతిలో మిగిలేది 150. 75కి పడితే షేర్ల విలువ 150, ఇవ్వాల్సింది లేదు, మళ్ళీ 150. ఎటు పోయినా 150 ఖాయం కాబట్టి, రెండు షేర్లకు పెట్టిన 200లో మిగతా 50 ప్రీమియం రూపంలో రావాలి. ఒక్కో కాల్ ధర 16.67.

ఇప్పుడు అవకాశం చూడండి. నేటి ధర 100 ఆ రెండు ముగింపుల సగటు కావాలంటే పై ధరకు మూడింట ఒక వంతు, కింది ధరకు మూడింట రెండు వంతులు ఇవ్వాలి. ధరల్లోంచి బయటపడే సంభావ్యత 33 శాతం, డెల్టా 0.67. ఒకే ఆప్షన్, రెండు వేర్వేరు అంకెలు. 33 శాతాన్నే హెడ్జ్‌కు వాడి మూడు కాల్స్‌కు ఒక్క షేరు కొన్నారనుకోండి: పైకి వెళితే 50 నష్టం, కింద పడితే 25 లాభం. హెడ్జ్ చేసిన పేరే గానీ షేరు పడుతుందని పందెం కాసినట్టే. ఇంకో సంగతి: షేరు 90 శాతం పైకే వెళుతుందని మీరు గట్టిగా నమ్మినా రెండు షేర్ల లెక్క మారదు. మీ నమ్మకం దాంట్లోకి ఎక్కడా రాలేదు.

మరి నిజం చెయిన్‌లో రెండూ దగ్గరగా ఎందుకు కనిపిస్తాయి? నిజం షేరుకు ముగింపులు రెండు కావు, లెక్కలేనన్ని. ఈరోజు ధర 1 శాతం పెరిగితే ఆ ముగింపులన్నీ 1 శాతం చొప్పున జరుగుతాయని మామూలు మోడల్ అంటుంది. 100 దగ్గరున్న షేరు 200లో ముగియాల్సిన దారి 202కి చేరుతుంది, అంటే ఈరోజు కదిలిన ఒక్క పాయింటుకు అక్కడ రెండు. స్ట్రైక్ కింద ముగిసే దారులు కాల్‌కు ఏమీ కలపవు. కాబట్టి కాల్ డెల్టా అంటే స్ట్రైక్ పైన ముగిసే దారుల సంభావ్యతే, కాకపోతే ఒక్కో దారినీ ముగింపు ధర నేటి ధరకు ఎన్ని రెట్లో ఆ బరువుతో తూచి కలిపినది. ముగింపులు నేటి ధర చుట్టుపక్కలే ఉంటే ఆ బరువు ఒకటికి దగ్గర, తేడా పెద్దగా తెలియదు. దూరాలకు విస్తరిస్తే బరువు పెరిగి డెల్టా విడిపోతుంది. బ్లాక్-షోల్స్‌లో ఇది ఇలా ఉంటుంది:

```
d1 = (ln(S/K) + (r + σ²/2)·T) / (σ·√T)
d2 = d1 − σ·√T
```

S నేటి షేరు ధర, K స్ట్రైక్, r వడ్డీ రేటు, T ఏళ్ళలో గడువు, σ వొలటాలిటీ, అంటే ధర ఏడాదికి ఎంత ఊగుతుందో ఆ కొలత. N అంటే నార్మల్ పంపిణీలో ఆ విలువ వరకు ఉండే సంభావ్యత. డివిడెండ్ లేని షేరుకు కాల్ డెల్టా N(d1), ఇన్ ద మనీలో ముగిసే సంభావ్యత N(d2). తేడా మొత్తం ఆ `σ·√T` ముక్కలోనే ఉంది. షేరు 100, స్ట్రైక్ 105, ఒక నెల గడువు, 20 శాతం వొలటాలిటీ, వడ్డీ సున్నా అనుకుంటే డెల్టా 0.207, సంభావ్యత 19.1 శాతం. ఇక్కడ డెల్టానే అవకాశంగా చదివినా పెద్ద తప్పు లేదు. అదే 100 స్ట్రైక్, ఏడాది గడువు, 80 శాతం వొలటాలిటీ అయితే డెల్టా 0.66, సంభావ్యత 34 శాతం. సగానికి సగం పోయింది.

పుట్ అమ్మేవాళ్ళు దీన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే అక్కడ తప్పు వాళ్ళకు వ్యతిరేకంగా పడుతుంది. పుట్ ఇన్ ద మనీలో ముగిసే దారులన్నీ తక్కువ ధరల్లో ముగిసేవి, బరువు మామూలుగా ఒకటి కంటే తక్కువ. అందుకే పుట్ డెల్టా అసలు అవకాశం కంటే చిన్నగా కనిపిస్తుంది. పైన చెప్పిన ఏడాది గడువు లెక్కలోనే పుట్ డెల్టా మైనస్ 0.34, ఇన్ ద మనీలో ముగిసే సంభావ్యత 66 శాతం. "34 డెల్టాయేగా, మూడింట రెండుసార్లు ప్రీమియం నాదే" అనుకుని అమ్మితే లెక్క తిరగబడినట్టే.

మళ్ళీ హెడ్జ్ దగ్గరికి వద్దాం. డెల్టా ఆ క్షణానికి మాత్రమే చెల్లే నిష్పత్తి. ఆ నెల గడువు 105 కాల్స్ 1000 షేర్లకు అమ్మి 207 షేర్లు కొన్నారు. గంటలోపే షేరు 103కి ఎగిరింది. షేర్ల మీద లాభం 621, కాల్ ధర 0.656 నుంచి 1.528కి పెరిగింది కాబట్టి అక్కడ నష్టం 872. నికరంగా 251 పోయింది, ఎందుకంటే దారిలోనే డెల్టా 0.38కి ఎక్కింది. ఇప్పుడు ఇంకో 173 షేర్లు కొనాలి, అదీ పెరిగిన ధరకు. వెంటనే షేరు మళ్ళీ 100కి దిగితే ఆ 173 అమ్మాలి, వాటి మీద మూడేసి పాయింట్ల చొప్పున 519 నష్టం. ఆప్షన్ అమ్మి హెడ్జ్ చేసేవాళ్ళ బతుకంతా ఇలా ఎక్కువకు కొని తక్కువకు అమ్మడమే. దానికి బదులుగా వచ్చేది కాలక్షయం, అంటే రోజులు గడిచేకొద్దీ అమ్మిన ఆప్షన్ విలువ కరగడం, ఈ పొజిషన్‌లో మొదట్లో ట్రేడింగ్ రోజుకు సుమారు 39. ఆ 39కి సరిపోయే రోజువారీ కదలిక సుమారు 1.26 పాయింట్లు. రోజూ అంతకంటే ఎక్కువ కదిలే షేరు మీద 20 శాతం వొలటాలిటీకి ఆప్షన్ అమ్మితే, డెల్టా ఎంత శ్రద్ధగా సరిచేస్తూ పోయినా డబ్బు కారిపోతూనే ఉంటుంది.

స్టాప్‌లాస్ పెట్టేవాళ్ళకు ఒక మాట. 20 డెల్టా ఆప్షన్ అమ్మి స్ట్రైక్ తాకగానే బయటపడతామంటే మీకు కావాల్సిన అంకె 20 కాదు. షేరు స్ట్రైక్‌ను తాకాక అక్కడి నుంచి పైన ముగిసే అవకాశమూ కింద ముగిసే అవకాశమూ దాదాపు సమానం. కాబట్టి దారిలో ఒక్కసారైనా తాకే అవకాశం అవతల ముగిసే అవకాశానికి సుమారు రెట్టింపు, దగ్గర గడువుల్లో 40 శాతం చుట్టుపక్కల. స్టాప్ కొట్టేది ఈ 40.