పెన్షన్ కమ్యుటేషన్: ఒకేసారి డబ్బా, నెలనెలా పెన్షనా?

ప్రశ్న: పాత పెన్షన్ విధానంలో ఉన్న కేంద్ర ప్రభుత్వోద్యోగిని, 60 ఏళ్లకు రిటైరవుతున్నాను. పెన్షన్ రూ.40,000. అందులో 40 శాతం కమ్యూట్ చేస్తే, అంటే ఆ భాగాన్ని నెలనెలా కాకుండా ఒకేసారి తీసుకుంటే, రూ.15,73,248 ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: మీకు చెప్పిన మొత్తం సరైనదే, నెలకు తగ్గే రూ.16,000ను 12తోనూ, 61వ ఏటికి నిర్ణయించిన 8.194 గుణకంతోనూ హెచ్చిస్తే అదే వస్తుంది. ఈ కోత 15 ఏళ్లు, అంటే 180 నెలలు సాగి, ఆ తర్వాత పూర్తి పెన్షన్ పునరుద్ధరణ అవుతుంది. అంటే ఇప్పుడు తీసుకునే సొమ్మును నెలకు రూ.16,000 వాయిదాతో తీర్చే అప్పుగా చూడవచ్చు. దాని వడ్డీ ఏడాదికి సుమారు 9 శాతం పడుతుంది.

పన్ను లేనివారికి ఇది ఖరీదైన అప్పే, ఎందుకంటే అంత రాబడి ఇచ్చే భద్రమైన డిపాజిట్ దొరకడం కష్టం. అయితే కమ్యూట్ చేసిన సొమ్ముపై పన్ను లేదు, నెలవారీ పెన్షన్‌పై ఉంది. కాబట్టి సెస్‌తో కలిపి 20.8 శాతం పన్ను కట్టేవారు నిజంగా వదులుకునేది రూ.12,672 మాత్రమే, అప్పుడు వడ్డీ 5.3 శాతానికి దిగుతుంది. 7 శాతం డిపాజిట్‌లో పన్ను పోగా మిగిలేదీ దాదాపు అంతే.

తేడా తెచ్చేది ఆయుష్షు. పెన్షనర్ మధ్యలో మరణిస్తే మిగిలిన కోత ఆగిపోతుంది, కుటుంబ పెన్షన్ తగ్గదు. కరువు భృతిని కూడా కోతకు ముందున్న పూర్తి పెన్షన్‌పైనే లెక్కిస్తారు. అందుకే ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నా, 9 శాతానికి మించిన వడ్డీతో అప్పు ఉన్నా తీసుకోమనే చెబుతాను.